లోన్, వీసా, మార్కులు, అక్క, ఆగస్టు: విడిమాటల మెసేజ్ వెనక ఉన్న దిగులు పట్టుకోవడం ఎలా

జూన్ నెల, రాత్రి పదిన్నర. మీ ఫోన్‌కి మీ మేనల్లుడి దగ్గర్నుంచి ఇలా ఒక మెసేజ్ వచ్చిందనుకోండి.

మామా
లోన్
వీసా
మార్కులు
అక్క
ఆగస్టు
ఏం లేదులే, ఊరికే

వాక్యం లేదు, ప్రశ్న లేదు. కుర్రాడిది కావలి దగ్గర పల్లె. బీటెక్ అయిపోయింది, అమెరికాలో ఎంఎస్‌కి సీటొచ్చింది. తండ్రి మూడేళ్ల కింద పోయాడు. తల్లి ఇంటి దగ్గరే ఉంది, అక్కకు పెళ్లయి ఒంగోలులో కాపురం చేసుకుంటోంది. ఇవన్నీ మీకు ముందే తెలుసు. తెలియనిది ఒక్కటే, ఈ రాత్రి వాడికి నిద్ర ఎందుకు పట్టలేదన్నది.

బ్యాంకులో లోన్ సీట్లో కూర్చున్న రోజుల నుంచి ఇలాంటి మెసేజ్‌లు నాకు అలవాటే. చుట్టాల పిల్లలు, చుట్టాల చుట్టాల పిల్లలు పంపిస్తుంటారు. వాటిని చదవడానికి ఒక పద్ధతి ఉంది. ఈ ఒక్క మెసేజ్‌నే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను.

ముందు ఒక్క విషయం చూడండి

మాటల్లో ఎక్కడైనా బతకాలని లేదు, అందరికీ భారం అయ్యాను, నేను లేకపోతే మీరే బాగుంటారు అన్న ధోరణి కనిపిస్తే ఈ పద్ధతిని పక్కన పెట్టేయండి. అప్పుడు ఊహలతో పనిలేదు. వెంటనే ఫోన్ చేసి ఎక్కడున్నాడో కనుక్కోండి, దగ్గర్లో ఉన్నవాళ్లను పంపండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

మనం తీసుకున్న మెసేజ్‌లో ఆ జాడ లేదు. అయినా ఒక చిన్న పలకరింపు వెళ్లాలి. "చూశాన్రా. రేపు పొద్దున మాట్లాడుకుందాం, ఏం కంగారు పడబాక" అంటే చాలు. వాడు తిరిగి "సరే మామా" అంటే ఆ రాత్రికి మీకు టైమ్ దొరికినట్టే. జవాబే రాకపోతే పొద్దుటిదాకా ఆగొద్దు, అప్పుడే ఫోన్ చేయండి.

మాట మాటకీ జవాబు ఇవ్వకండి

మనలో చాలామంది చేసేది ఇదే. "లోన్ సంగతి నేను మేనేజర్‌తో మాట్లాడతాలే. వీసా వస్తుందిరా, అందరికీ రావట్లా? మార్కులు ఎవడు చూస్తాడు ఇప్పుడు? అక్క బాగుంది, నిన్నే మాట్లాడా." ఒక్కో మాటకీ ఒక్కో ఓదార్పు. వాడు అవతల "థ్యాంక్స్ మామా" అని పెడతాడు. దాంతో ఆ దారి మూసుకుపోతుంది. మళ్లీ తెరవడానికి వాడికి మొహం చెల్లదు, ఎందుకంటే మీరు అన్నిటికీ జవాబు చెప్పేశారు కదా.

విడివిడిగా వచ్చిన మాటలు విడివిడి సమస్యలు కావడం అరుదు. ఒకే విషయాన్ని చెప్పలేక దాని చుట్టూ ఉన్నవాటి పేర్లు చెప్పి వదిలేస్తారు. మీరు పట్టుకోవాల్సింది ఆ మధ్యలో ఉన్నదాన్ని.

కాగితం మీద రాయండి, వరస మార్చకండి

ఫోన్‌లో చూస్తూ ఆలోచించొద్దు. ఒక కాగితం తీసుకుని మాటలను వాడు పంపిన వరసలోనే ఒకదాని కింద ఒకటి రాయండి. చివర్లో ఉన్న "ఏం లేదులే, ఊరికే" కూడా రాయండి. మన వైపు "ఊరికే" అని ఎవరైనా అన్నారంటే అది ఊరికే కాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇప్పుడు ఒక్కో మాట పక్కన రెండు సంగతులు రాయండి. ఒకటి, ఇది ఎవరి చేతిలో ఉంది. రెండు, దీనికి గడువుందా.

లోన్ బ్యాంకు చేతిలో ఉంది. గడువు వీసా ఇంటర్వ్యూ లోపల. వీసా కాన్సులేట్ చేతిలో ఉంది. గడువు కాలేజీ మొదలయ్యే లోపల. మార్కులు ఎవరి చేతిలోనూ లేవు, మెమో వచ్చేసింది, ఇంక మారవు. అక్క పక్కన ఏం రాయాలో తోచదు, ఖాళీగా వదిలేయండి. ఆగస్టు గడువే, వేరే ఏమీ కాదు. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో క్లాసులు మొదలయ్యే నెల అది.

ఇంత రాసేసరికే రెండు మాటలు తేడాగా కనిపిస్తాయి. మార్కులు ఇక మార్చలేనివి. మార్చలేని దాని గురించి జూన్‌లో దిగులు దేనికి? ఇక అక్క. మిగతావన్నీ పనులు, కాగితాలు. మనిషి ఒక్కతే ఉంది. జాబితాలో మనిషి పేరు ఒక్కటే ఉంటే నేను ముందు ఆ పేరు చుట్టూ సున్నా చుడతాను. కాగితాల గురించి టెన్షన్ పడితే నిద్ర ఆలస్యంగా పడుతుంది. మనిషి గురించైతే అసలు పట్టదు.

అసలు పని ఏ వరసలో నడుస్తుందో పక్కన రాయండి

ఇక్కడ కొంచెం విషయం తెలిసుండాలి. మీకు తెలియకపోతే తెలిసిన వాళ్లను అడగండి, కుర్రాడిని మాత్రం ఇప్పుడే అడగొద్దు.

అమెరికా స్టూడెంట్ వీసాకి పని ఇలా నడుస్తుంది. ముందు మార్కులు చూసి యూనివర్సిటీ సీటిస్తుంది. తర్వాత మొదటి సంవత్సరం ఖర్చుకు డబ్బు ఉందని చూపించమంటుంది. బ్యాంకు బ్యాలెన్స్ గానీ, లోన్ శాంక్షన్ లెటర్ గానీ చూపిస్తే I-20 అనే కాగితం పంపిస్తుంది. అది వచ్చాక సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టి, DS-160 ఫారం నింపి, వీసా ఫీజు కట్టి ఇంటర్వ్యూకి స్లాట్ తీసుకోవాలి. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లోనైనా ఇవ్వొచ్చు, చెన్నైలోనైనా ఇవ్వొచ్చు. కావలి, నెల్లూరు పిల్లలకు చెన్నై దగ్గర, పొద్దున్నే పినాకినీ ఎక్కితే సరి. సాధారణంగా వీసా వచ్చాకే బ్యాంకు ఫీజు డబ్బులు యూనివర్సిటీకి పంపిస్తుంది.

అంటే అసలు వరస మార్కులు, లోన్, వీసా, ఆగస్టు. ఇప్పుడు వాడు పంపిన వరస చూడండి. లోన్, వీసా సరిగ్గానే వచ్చాయి. మొదట ఉండాల్సిన మార్కులు మూడో చోటికి జారి, అక్క పక్కన కూర్చున్నాయి. వీసా ఆఫీసర్ మార్కుల గురించి అడుగుతాడేమోనన్న భయమే అయితే మార్కులు వీసా పక్కనే ఉండటం కూడా సహజమే, కాదనను. కానీ వెంటనే అక్క ఎందుకొచ్చింది? ఈ రెండు మాటలకూ ఏదో లంకె ఉందేమో అని అనుమానం పెట్టుకోండి.

అనుమానమే సుమా. అర్ధరాత్రి తోచినట్టు కొట్టిన మెసేజ్‌లో వరసకు మరీ ఎక్కువ బలం ఇవ్వకూడదు. అది దారి చూపిస్తుంది, అంతవరకే.

లంకె వెతకండి: మార్కులకీ అక్కకీ ఏం సంబంధం?

మొత్తం పనిలో కీలకం ఇదే, కాబట్టి నిదానంగా చూద్దాం.

ఎడ్యుకేషన్ లోన్‌కి రెండు దారులున్నాయి. ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతాయి. తాము పెట్టుకున్న లిస్టులోని పెద్ద యూనివర్సిటీలకు కొన్ని బ్యాంకులు మినహాయింపు ఇస్తాయి గానీ మనవాళ్లలో ఎక్కువమందికి వచ్చే సీట్లు ఆ లిస్టులో ఉండవు. అమెరికా ఎంఎస్ అంటే ఏడున్నర లక్షలు ఎప్పుడో దాటిపోతుంది. రెండో దారి ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు. వాళ్లు తాకట్టు లేకుండా ఇస్తారు, వడ్డీ ఎక్కువ. తాకట్టు లేదు కాబట్టి కుర్రాడినే తూకం వేస్తారు. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, మార్కులెన్ని, బ్యాక్‌లాగ్‌లెన్ని, కో-అప్లికెంట్ జీతమెంత, సిబిల్ స్కోరెంత అని చూస్తారు.

మన కుర్రాడికి తండ్రి లేడు, తల్లికి జీతం లేదు. బ్యాక్‌లాగ్‌లు రాసి పాసయ్యాడనుకోండి, రెండో దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇక మిగిలింది తాకట్టు.

"మూడెకరాల మాగాణి ఉంది కదా, అది పెట్టొచ్చుగా" అని మీకు తోస్తుంది. మన జిల్లాల్లో అందరూ అనే మాటే ఇది. చాలా బ్యాంకులు ఎడ్యుకేషన్ లోన్‌కి వ్యవసాయ భూమి తీసుకోవు. బాకీ కట్టకపోతే కోర్టు చుట్టూ తిరగకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది, ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే మాగాణి విలువ ఎంతున్నా కౌంటర్ దగ్గర దానికి లెక్కలేదు. ఇల్లే కావాలంటారు. ఆ ఇల్లు గ్రామకంఠంలో ఉండి పాత రిజిస్టర్డ్ కాగితాలు లేకపోతే అదీ పనికిరాదు, అది ఇంకో పెద్ద కథ. ఈ కుర్రాడి నాన్న మాత్రం కావలిలో స్థలం కొని, రిజిస్ట్రేషన్ చేయించుకుని ఇల్లు కట్టాడు, అద్దెకిచ్చాడు. కాగితాలు శుభ్రంగా ఉన్నాయి.

శుభ్రంగానే ఉన్నాయి, కానీ పోయిన మనిషి పేరు మీద ఉన్నాయి. బ్యాంకు లాయర్ ఆ కాగితాలు చూడగానే తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మంటాడు. వీలునామా రాయకుండా పోయిన హిందువు స్వార్జితం భార్యకు, కొడుక్కి, కూతురికి సమాన భాగాలుగా పోతుంది, పోయినాయన తల్లి బతికుంటే ఆమెకూ అంతే భాగం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉన్న మాట ఇది. పెళ్లయిన కూతురు, పెళ్లికాని కూతురు అనే తేడా లేదు. కట్నం ఇచ్చాం కదా అంటే చట్టం వినదు. నాయనమ్మ ముందే పోయింది కాబట్టి ఇక్కడ భాగాలు మూడు. ఇంట్లో మూడోవంతు అక్కది.

మార్కులకీ అక్కకీ మధ్య ఉన్న దారి ఇదీ. మార్కులు బాగుంటే తాకట్టు లేని లోన్ దొరికేది. దొరకలేదు గనక ఇల్లు పెట్టాలి. ఇల్లు పెట్టాలంటే అక్క సంతకం కావాలి. ఆగస్టు లోపల కావాలి. మాటలన్నీ ఒక్క తాడు మీదికి వచ్చాయి చూడండి. ఏ మాటా మిగిలిపోలేదు.

ఒక్క ఊహతో ఆగొద్దు, రెండోది కూడా పెట్టుకోండి

అన్నీ అతికినట్టు కుదిరాయంటే అదే నిజమని కాదు. పక్కనే ఇంకో ఊహ రాసిపెట్టుకోండి, అది కూడా మాటలన్నిటికీ సరిపోవాలి.

మొదటి ఊహ: అక్క సంతకం విషయంలో వాడు నలిగిపోతున్నాడు.

రెండో ఊహ: మార్కులు తక్కువని వీసా రిజెక్ట్ అవుతుందని భయం. అక్కే ఇన్నాళ్లూ కోచింగ్‌కీ అప్లికేషన్లకీ డబ్బులిచ్చింది, ఆమె ముందు పరువు పోతుందని దిగులు. దీనికీ మాటలన్నీ సరిపోతాయి.

మెసేజ్‌లో బ్యాలెన్స్, స్టేట్‌మెంట్, కన్సల్టెన్సీ లాంటి మాటలుంటే మూడో ఊహ కూడా పెట్టుకునేవాణ్ని. కొన్నాళ్ల కోసం ఎవరిదో డబ్బు అకౌంట్లో వేయించి చూపించే వ్యవహారం మన వైపు ఉన్నదే. దొంగ కాగితం చూపించి దొరికితే వీసా ఒకసారి పోవడంతో ఆగదు, అమెరికా చట్టం ప్రకారం జీవితాంతం అనర్హత పడొచ్చు. ఆ భయంతో నిద్రపోని పిల్లలూ ఉంటారు. ఈ మెసేజ్‌లో ఆ జాడ లేదు, వదిలేద్దాం.

రెండు ఊహలనూ విడదీసే ప్రశ్న అడగండి

పొద్దున ఫోన్ చేయండి. "ఏంట్రా నీ బాధ?" అని అడగొద్దు, "ఏం లేదు మామా" అంటాడు. "అక్క సంతకం పెట్టనంటోందా?" అని కూడా అడగొద్దు. మీ ఊహ తప్పయితే అక్క మీద మీరొక నింద వేసినట్టవుతుంది, ఆ మాట సాయంత్రానికల్లా ఒంగోలు చేరుతుంది. ఊహ నిజమైనా, వాడు దాచుకుంటున్నదాన్ని మీరు బయటికి లాగినట్టుంటుంది.

కాగితాల గురించి రెండు చిన్న ప్రశ్నలు అడగండి, ఒకటి రెండు ముక్కల్లో జవాబు చెప్పగలిగేవి. మొదటిది, "స్లాట్ ఎప్పటికి పడిందిరా, చెన్నైయా, హైదరాబాదా?" రెండోది, "బ్యాంకు లాయర్ ఒపీనియన్ వచ్చిందా?"

జవాబుల్లో ఏముందో కంటే ఎంత పొడవున్నాయో వినండి. వీసా భయమే అయితే స్లాట్ ప్రశ్నకు వాడు ఆగకుండా మాట్లాడతాడు. ఫలానా ఫ్రెండ్‌ని రెండు నిమిషాల్లో పంపించేశారట, బ్యాక్‌లాగ్‌లు ఎన్ని అని అడిగారట, నేనేం చెప్పాలి అని. లాయర్ ప్రశ్నకు "ఆ, నడుస్తోంది" అంటాడు. అక్క విషయమైతే తిరగబడుతుంది. స్లాట్ ప్రశ్నకు "జులైలో, చెన్నై" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. లాయర్ అనగానే కాసేపు మాట్లాడడు. తర్వాత నెమ్మదిగా ఒకటొకటిగా వస్తాయి.

మన కుర్రాడు చెప్పింది ఇది.

"వచ్చింది మామా."

"ఏమన్నాడు?"

"అందరూ రావాలంట."

"అందరూ అంటే?"

"అమ్మ, నేను, అక్క."

ఇక్కడ మీరు నోరు మూసుకోవాలి. "ఓస్ అంతేనా, అక్క రాదా ఏంది" అన్నారంటే సంభాషణ అక్కడితో సరి. "ఊఁ" అని ఆగండి. ఫోన్‌లో నిశ్శబ్దం మనకు భరించడం కష్టం, అయినా భరించండి.

"పెదనాన్న ఏమన్నాడంటే మామా... అక్క ఎటూ సంతకానికి వస్తోంది కదా, ఆ చేత్తోనే తన భాగం నా పేరుకి రాసిచ్చేస్తే పని సులువైపోద్దంట. డాక్యుమెంట్ రైటర్‌తో కూడా మాట్లాడేశాడు. అమ్మ ఏమీ అనట్లా. అక్కకి ఇంకా చెప్పలా. నన్నే చెప్పమంటున్నారు."

మీరు కాగితం మీద రాసుకున్న ఊహ దగ్గరగానే వెళ్లింది, పూర్తిగా తగల్లేదు. సంతకం వరకు మీరు ఊహించారు. సంతకం పేరుతో అక్క భాగమే రాయించుకుంటున్నారని, ఆ మాట చెప్పే పని వాడి నెత్తిన పడిందని ఊహించలేదు. ఎప్పుడూ ఇంతే. మాటలు పట్టుకుని వెళ్తే వీధి దాకా వెళ్లగలం. ఇల్లు వాళ్లే చూపించాలి. "అమ్మ ఏమీ అనట్లా" అన్నదాన్ని కూడా గుర్తుపెట్టుకోండి. మెసేజ్‌లో అమ్మ అన్న మాటే లేదు. ఇంట్లో ఉన్న మనిషి జాబితాలో లేదంటే ఆ మనిషి మౌనంగా ఉందనో, ఆమె పేరెత్తడం కష్టంగా ఉందనో అనుకోవచ్చు.

దిగులు తెలిసింది. ఇప్పుడు దానికి మాత్రమే జవాబు చెప్పండి

ఈ దిగులులో సగం విషయం తెలియకపోవడం వల్ల వచ్చింది, ఆ సగం మీరు తీసేయగలరు. బ్యాంకు అడిగింది ఒకటి, పెదనాన్న చెప్తున్నది ఇంకొకటి. రెండిటికీ తేడా వాడికి విడమరిచి చెప్పాలి.

బ్యాంకుకు కావాల్సింది వారసులందరూ వచ్చి ఇంటి కాగితాలు తాకట్టు పెట్టడం. టైటిల్ డీడ్స్ డిపాజిట్ అంటారు. అక్క కూడా తన భాగాన్ని లోన్‌కి హామీగా పెడుతుంది. భాగం ఆమెదిగానే ఉంటుంది. లోన్ తీరిపోతే తాకట్టు తీరిపోతుంది, కాగితాలు వెనక్కి వస్తాయి. 2023 డిసెంబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు రూలుంది, బాకీ తీరిన 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగివ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5000 రూపాయలు బ్యాంకే కట్టాలి.

పెదనాన్న చెప్తున్నది హక్కు విడుదల దస్తావేజు, రిలీజ్ డీడ్ అంటారు. దాని మీద సంతకం పెట్టి రిజిస్ట్రేషన్ అయితే అక్క భాగం పోయినట్టే. లోన్ తీరినా తిరిగి రాదు. లాయర్‌కీ బ్యాంకుకీ అది సులువే, సంతకాలు తగ్గుతాయి కాబట్టి కొందరు లాయర్లు ఆ సలహా ఇస్తారు. కానీ లోన్ రావడానికి అది తప్పనిసరి కాదు. ముగ్గురూ వచ్చి తాకట్టు పెడితే సరిపోతుంది. బ్యాంకును బట్టి అక్కను గ్యారంటర్‌గా కూడా సంతకం పెట్టమనొచ్చు, ఆ సంగతి బ్రాంచిలో ముందే అడిగి తెలుసుకోవాలి.

నా అభిప్రాయం అడిగితే, తమ్ముడి చదువు సందట్లో ఆడపిల్ల భాగం రాయించుకోవడం మన వైపు చాలా ఇళ్లలో జరిగే పనే, మంచి పని కాదు. ఆమె ఇష్టంగా ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు, ఆగస్టు గడువు చూపించి అడగొద్దు.

అక్క వైపు నుంచి కూడా ఒక మాట దాచకూడదు. తాకట్టులో భాగం పోకపోయినా ఇరుక్కుంటుంది. వీడికి ఉద్యోగం రాక కిస్తీలు ఆగిపోతే బ్యాంకు మొత్తం ఇంటి మీదికి వస్తుంది, ఆమె మూడోవంతుతో సహా. చదువు అయిపోయాక సాధారణంగా ఒక సంవత్సరం దాకా కిస్తీ మొదలుకాదు, కానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. గ్యారంటర్‌గా పెడితే ఆమె సిబిల్ మీద కూడా పడుతుంది. ఇవన్నీ ఆమెకు, ఆమె భర్తకు చెప్పి, ఆలోచించుకోవడానికి టైమ్ ఇచ్చి, ఆ తర్వాతే సంతకం అడగాలి.

ఎవరు చెప్పాలి

వాడి దిగులులో రెండో సగం ఇది, దీనికి చట్టం పనికిరాదు. ఇరవై రెండేళ్ల కుర్రాడిని పంపి "అక్కా, నీ భాగం రాసియ్యి" అనిపించడం పెద్దవాళ్లు తమ పని వాడి మీద తోయడమే. మీరు మేనమామ. ఈ మాట మాట్లాడటానికి మీకు హక్కుంది, మన ఇళ్లలో మీరంటే అటు చెల్లెలు వింటుంది, ఇటు మేనకోడలు వింటుంది. ముందు మీ చెల్లెలితో మాట్లాడండి, ఆమె మౌనం ఒప్పుకోలా, భయమా అని తెలుసుకోండి. చాలాసార్లు భర్త అన్నగారి మాటకు ఎదురు చెప్పలేకే ఊరుకుంటారు. తర్వాత పెదనాన్నతో. ఆయన్ని తప్పు పట్టొద్దు, "అన్నయ్యా, రిలీజ్ అవసరం లేదంట, ముగ్గురూ సంతకం పెడితే చాలని బ్యాంకులో చెప్పారు" అని బ్యాంకు మీద పెట్టి చెప్పండి. ఆయన పరువూ దక్కుతుంది, డాక్యుమెంట్ రైటర్ పనీ ఆగుతుంది. దానికి ముందు మీరు నిజంగానే బ్రాంచికి వెళ్లి ఆ మాట చెప్పించుకుని ఉండాలి, లేకపోతే ఆయన ఒక్క ఫోన్‌తో మిమ్మల్ని తేల్చేస్తాడు.

అక్కతో మాత్రం తమ్ముడే మాట్లాడాలి. భాగం అడగడానికి కాదు, తాకట్టు సంగతి చెప్పడానికి. తన మార్కుల సంగతి కూడా తనే చెప్పుకోనివ్వండి. ఒంగోలు వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పమనండి, ఫోన్‌లో వద్దు. మీరు పక్కనుంటానంటే వాడికి ధైర్యం.

ఊహ తప్పిందని ఎలా తెలుస్తుంది

ఇవే అయిదు మాటలు ఇంకో ఇంటి నుంచి వస్తే కథ మారిపోవచ్చు. తండ్రి బతికుండి ఇల్లు ఆయన స్వార్జితమే అయితే అక్క సంతకం ఊసే రాదు, ఈ లంకె మొత్తం తెగిపోతుంది. అప్పుడు అక్క అన్న మాట వెనక పెళ్లి ఖర్చు ఉండొచ్చు, ఆగస్టు అంటే శ్రావణమాసం ముహూర్తాలు కావొచ్చు. ఒకే డబ్బు రెండు చోట్లకు కావాల్సి వచ్చిందేమో చూడాలి. అందుకే కాగితం మీద మొదటి గీత గీసే ముందే ఆ ఇంటి సంగతి నాలుగు ముక్కలు పక్కన రాసుకోమంటాను.

ఫోన్‌లో కూడా గుర్తులున్నాయి. మీరు సరైన చోట తాకితే జవాబు ముందు ఆగుతాడు, తర్వాత పొడుగవుతుంది. తప్పు చోట తాకితే వెంటనే ఒప్పుకుంటాడు. "అవును మామా, అదే, అదే" అని గబగబా అన్నాడంటే మీరు ఇచ్చిన కారణం వెనక దాక్కున్నాడని అనుమానించండి. అప్పుడు ఇంకేం గుచ్చొద్దు. "సరేలే, ఆదివారం వస్తున్నా, అన్నం అక్కడే" అని పెట్టేయండి. మాగాణి గట్టు మీదో, కావలి బస్టాండు దగ్గర టీ బంకులోనో పక్కపక్కన నిలబడ్డప్పుడు వచ్చే మాట ఫోన్‌లో రాదు.

అక్క సంగతి తేలాక వాడే మళ్లీ మెసేజ్ పెడతాడు, ఈసారి పూర్తి వాక్యాల్లో. "మామా, వీసా ఇంటర్వ్యూలో బ్యాక్‌లాగ్‌ల గురించి అడిగితే ఏం చెప్పాలి?" అని. ఇది ప్రశ్నే, దీనికి జవాబు చెప్పొచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి, ఏ సబ్జెక్టులో పోయింది, ఎప్పుడు పాసయ్యాడు, ఈ కోర్సే ఎందుకు, డబ్బు ఎవరు పెడుతున్నారు. డబ్బు సంగతి అడిగితే "బ్యాంకు లోన్, మా ఇల్లు తాకట్టు పెట్టాం, అమ్మా అక్కా నేనూ కలిసి" అని తడుముకోకుండా చెప్పగలగాలి. శాంక్షన్ లెటర్ ఫైల్లో పైనే పెట్టుకోమనండి.